అమ్మకు ఆపేసిన ఐరన్, పాపకు మొదలుపెట్టారు

ప్రశ్న: నా వయసు 26. మాకు పాప పుట్టి పది వారాలైంది. నెలలు నిండాకే మామూలు కాన్పు అయింది. పుట్టినప్పుడు బరువు 2.9 కిలోలు, ఇప్పుడు 5 కిలోలు. నాకు మూడో నెలలో హిమోగ్లోబిన్ 12.4 ఉండేది. ఏడో నెలలో 10.6కి వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు రక్తం పలచబడటం సహజమే, భయపడకండి" అన్నారు డాక్టరుగారు. ఐరన్ మాత్రలతో మలబద్ధకం ఎక్కువై చాలా బాధపడేదాన్ని. సహజమే అన్నారు కదా అని అప్పుడే ఆపేశాను. తొమ్మిదో నెలలో 9.4 అయింది, ఇప్పుడు 9.6. పోయిన వారం పాపకు జలుబు చేస్తే రక్తపరీక్ష చేయించాం. పుట్టినప్పుడు 17.2 ఉన్న హిమోగ్లోబిన్ 9.8కి పడిపోయింది. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో 'తక్కువ' అని ఉంది. నా రక్తం తక్కువ కాబట్టి నా పాలలో బలం లేదని, డబ్బా పాలు పట్టమని అత్తగారు అంటున్నారు. మందుల షాపులో అడిగి తెచ్చిన ఐరన్ చుక్కలు నాలుగు రోజులుగా వేస్తున్నాం. పాప పాలు బాగానే తాగుతుంది. ఇద్దరిదీ బి పాజిటివ్. నా లోపమే పాపకు వచ్చిందా? రాత్రుళ్లు అదే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇద్దరి రిపోర్టులూ జతచేశాను.

జవాబు: అమ్మా, రిపోర్టులన్నీ పంపి చాలా మంచి పని చేశారు. ముందు మీ భయం సంగతి. మీ లోపం పాపకు రాలేదు. పాపకు కనబడుతున్న తగ్గుదల ఆ వయసులో ప్రతి బిడ్డకూ వచ్చేదే. మీది మాత్రం నిజంగా ఐరన్ లోటే. అంటే ఐరన్ అవసరమైన మీరు మాత్రలు ఆపేశారు, అవసరం లేని పాపకు చుక్కలు వేస్తున్నారు. ఇందులో మీ తప్పు పెద్దగా లేదు. 'సహజం' అనే ఒక్క మాట మీ ఇంట్లో రెండు చోట్ల తారుమారైంది. అదెలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే తర్వాత ఏం చేయాలో మీరే నిర్ణయించుకోగలరు.

మీ సంగతి ముందు చూద్దాం. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, కానీ రక్తంలోని రెండు భాగాలూ సమానంగా పెరగవు. నీటి భాగం, అంటే ప్లాస్మా, దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎర్రకణాలు 20 శాతం, ఐరన్ బాగా అందితే 30 శాతం దాకా పెరుగుతాయి. నీళ్లు ఎక్కువ, కణాలు తక్కువ పెరగడం వల్ల పరీక్షలో హిమోగ్లోబిన్ అంకె దిగుతుంది. ఇది ఒంటికి మేలు చేసే మార్పే. పలచటి రక్తం మాయలోకి సులువుగా పారుతుంది. కాన్పులో పోయే అర లీటరు రక్తాన్ని తల్లి తట్టుకోగలుగుతుంది. ఏడెనిమిది నెలల్లో అంకె అసలు దిగకుండా 13, 14 దగ్గరే ఉండిపోతే, నీటి భాగం సరిగా పెరగడం లేదేమోనని, బీపీ, బిడ్డ ఎదుగుదల డాక్టర్లు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు.

మరి ఈ పలచబడటం ఎంత వరకు? మీ అంకెలతోనే లెక్క వేద్దాం. మీ వయసు స్త్రీకి సుమారు 4 లీటర్ల రక్తం ఉంటుంది అనుకుందాం, అందులో రెండున్నర లీటర్లు నీటి భాగం, లీటరున్నర ఎర్రకణాలు. హిమోగ్లోబిన్ 12.4 అంటే ఒంట్లో మొత్తం 496 గ్రాముల హిమోగ్లోబిన్. నీటి భాగం 45 శాతం, కణాలు 20 శాతం పెరిగితే అంకె దాదాపు 11 దగ్గర ఆగుతుంది. నీళ్లు అలాగే పెరిగి, ఐరన్ లేక కణాలు అసలు పెరగలేదనుకోండి, అంకె 9.7కి దిగుతుంది. ఇవి ఒంటిని కొలిచి చెప్పినవి కావు, అంచనా మాత్రమే. అయినా తొమ్మిదో నెలలో మీ 9.4 ఏ వైపు ఉందో తెలిసిపోతుంది.

డాక్టర్లు వాడే గీతలు కూడా ఈ పలచబడటాన్ని లెక్కలోకి తీసుకుని గీసినవే. మామూలు స్త్రీకి 12 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. గర్భిణికి మొదటి మూడు నెలల్లోనూ, చివరి మూడు నెలల్లోనూ 11, మధ్య మూడు నెలల్లో 10.5. పలచబడటానికి ఇవ్వాల్సిన మినహాయింపు ఇప్పటికే ఇచ్చేశారన్నమాట. 9.4 వచ్చాక కూడా 'పలచబడింది' అంటే, ఇచ్చిన మినహాయింపునే మళ్లీ ఇచ్చినట్టు.

ఏడో నెలలో డాక్టరుగారు అన్న మాట ఆ రోజుకు చాలావరకు సరైనదే. 10.6 అంటే గీతకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న అంకె. ఆయన భయపడకండి అన్నారు, మాత్రలు ఆపమనలేదు. కానీ ఆ మాట రెండు నెలల తర్వాతి అంకెకు వర్తించదు. పలచబడటం ఏడు, ఎనిమిది నెలల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. ఐరన్ చాలినంత ఉన్న స్త్రీకి ఆ తర్వాత అంకె నిలబడుతుంది, కాన్పు దగ్గరికి వచ్చేసరికి కాస్త పైకి కూడా వస్తుంది. మీకు ఆ సమయంలోనే 10.6 నుంచి 9.4కి దిగింది.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం మీ రిపోర్టులోనే, ఎవరూ చూడని ఒక వరసలో ఉంది. హిమోగ్లోబిన్ కింద 'ఎం.సి.వి.' అని ఒక అంకె ఉంటుంది చూడండి. అది ఒక్కో ఎర్రకణం సగటు పరిమాణం. గిన్నెడు కందిపప్పులో నీళ్లు ఎక్కువ పోస్తే గరిటెకు వచ్చే పప్పు బద్దలు తగ్గుతాయి, కానీ ఒక్కో బద్ద సైజు మారదు. రక్తం పలచబడటం కూడా అంతే. నీళ్లు పెరిగితే కణాల సంఖ్య పలచబడుతుంది, కణం చిన్నది కాదు. నిజానికి గర్భంలో ఎం.సి.వి. కొద్దిగా పెరుగుతుంది కూడా. ఐరన్ లోటులో మాత్రం సరుకు చాలక ప్రతి కణమూ చిన్నదిగా తయారవుతుంది. మీకు మూడో నెలలో 86, ఏడో నెలలో 81, తొమ్మిదో నెలలో 76, ఇప్పుడు 72. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవని అర్థం. ఏడో నెలలో 81 అంటే ఇంకా గీత దాటలేదు, కానీ పెరగాల్సింది తగ్గడం మొదలైంది. నీళ్లు ఎన్ని కలిసినా 86 కాస్తా 72 అవ్వదు.

ఆ మూడో నెల 86 ఇంకో మేలు కూడా చేసింది. మన దగ్గర కొందరికి పుట్టుకతోనే తలసీమియా లక్షణం ఉంటుంది. జబ్బు ఏమీ ఉండదు, కణాలు మాత్రం ఎప్పుడూ చిన్నవిగానే ఉంటాయి. అలాంటి వారి రిపోర్టు చూసి ఐరన్ లోటు అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగించేస్తుంటారు. మీకు గర్భం మొదట్లో కణాలు మామూలు సైజులో ఉన్నాయి కాబట్టి ఆ అనుమానం దాదాపు లేదు. మొదటి రిపోర్టు దాచుకోవడం ఎందుకు ముఖ్యమో ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇక ఇప్పటి 9.6. కాన్పయ్యాక ఒంట్లో చేరిన అదనపు నీరు సుమారు ఆరు వారాల్లో వెళ్లిపోతుంది. ఐరన్ నిల్వలు ఉన్న తల్లికి మందులేమీ లేకుండానే అంకె పాత స్థాయికి చేరుకుంటుంది. మీకు పది వారాలైంది, అంకె కదల్లేదు. ఇప్పుడు పలచబడటానికి నీళ్లు లేవు, ఉన్నది లోటే. గర్భం మొత్తానికి తల్లికి సుమారు వెయ్యి మిల్లీగ్రాముల ఐరన్ ఖర్చవుతుంది. అందులో 300 దాకా బిడ్డకూ మాయకూ, 500 దాకా పెరగాల్సిన ఎర్రకణాలకూ పోతుంది. చివరి నెలల్లో రోజుకు 5, 6 మిల్లీగ్రాములు ఒంటికి పట్టాలి. మనం తినే తిండి నుంచి మామూలుగా పట్టేది ఒకటీ రెండూ. ఆ తేడాను బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు పూడ్చలేవు. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న ఎర్ర మాత్రలు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇస్తారు. మీరు ఆపేసింది సరిగ్గా ఎక్కువ అవసరమైన నెలల్లో. మీకు మిగిలిన మార్గాలు ఏమిటో తర్వాత చెబుతాను. ముందు పాప దగ్గరికి వద్దాం, మీ నిద్ర చెడగొడుతున్నది అదే కదా.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఆక్సిజన్ తక్కువగా అందుతుంది. ఉన్న కాస్తనూ పట్టి మోయడానికి బిడ్డ ఒళ్లు ఎర్రకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. అందుకే పుట్టినప్పుడు 17. మొదటి ఏడుపుతో ఊపిరితిత్తులు తెరుచుకోగానే ఆక్సిజన్ పుష్కలంగా దొరుకుతుంది. ఇక ఇన్ని కణాలు అక్కర్లేదని, కణాలు తయారుచేయమని ఎముక మజ్జకు వెళ్లే కబురు దాదాపు ఆగిపోతుంది. ఎముక మజ్జ కొన్ని వారాలు పని బాగా తగ్గించేస్తుంది. ఇంతలో పాత కణాలు వయసైపోయి రాలుతుంటాయి. పెద్దవాళ్ల కణం 120 రోజులు బతికితే, పుట్టిన బిడ్డ కణాలు 60 నుంచి 90 రోజులే బతుకుతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు 8 నుంచి 12 వారాల మధ్య అంకె అట్టడుగుకు చేరి 9 నుంచి 11 మధ్య ఉంటుంది. మీ పాప పదో వారంలో ఉంది, అంకె 9.8.

ఇంకో కారణం పాప ఎదుగుదలే. లెక్క చూడండి. పుట్టినప్పుడు 2.9 కిలోల పాప ఒంట్లో సుమారు 245 మిల్లీలీటర్ల రక్తం. 17.2 చొప్పున మొత్తం హిమోగ్లోబిన్ 42 గ్రాములు. ఇప్పుడు 5 కిలోలకు సుమారు 400 మిల్లీలీటర్ల రక్తం. 9.8 చొప్పున 39 గ్రాములు. 17 నుంచి 9.8కి పడిపోయిందని మీరు హడలిపోయారు, కానీ పాప ఒంట్లో మొత్తం సరుకు తగ్గింది 3 గ్రాములే. పాప పెరిగింది, గిన్నె పెద్దదైంది. రాలిపోయిన కణాల్లోని ఐరన్ కూడా ఎక్కడికీ పోలేదు, ఒంట్లోనే నిల్వ అయింది. అంకె బాగా దిగాక మజ్జకు మళ్లీ కబురు వెళ్తుంది. అప్పుడు కొత్త కణాలు ఆ దాచిన ఐరన్‌తోనే తయారవుతాయి. నెలలు నిండిన, బరువు బాగున్న బిడ్డకు ఈ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలల వయసు దాకా వస్తుంది.

కాబట్టి ఈ వయసు తగ్గుదలకు ఐరన్‌తో సంబంధం లేదు. చుక్కలు వేసినా ఈ దిగుడు ఆగదు, వేయకపోయినా తిరిగి పెరగడం ఆగదు. డబ్బా పాలకు మార్చినా అంతే. తల్లి పాలలో ఐరన్ ఎప్పుడూ తక్కువే, కానీ బిడ్డకు బాగా ఒంటబడుతుంది. తల్లికి రక్తం తక్కువైనంత మాత్రాన పాలలో ఐరన్ చెప్పుకోదగ్గంతగా మారదు. అత్తగారు పాప మీద ప్రేమతోనే అంటున్నారు. ఆవిడకు పాప బరువు చూపించండి. పది వారాల్లో 2 కిలోలకు పైగా పెరిగిన బిడ్డకు పాలలో బలం లేదని ఎవరూ అనలేరు. రిపోర్టులో ఆ ఎర్ర అక్షరాలు ఎందుకు వచ్చాయంటే, పక్కన అచ్చయిన 'నార్మల్' హద్దు 12 నుంచి 15. అది పెద్దవాళ్లది. పది వారాల బిడ్డకు ఆ హద్దు పెట్టి చూడకూడదు. పాప ఎం.సి.వి. 92 ఉంది, ఆ వయసుకు సరిగ్గా ఉండాల్సినంతే. మీ ఇద్దరి రిపోర్టుల్లో తేడా ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. మీ ఇద్దరి హిమోగ్లోబిన్ అంకెలు దాదాపు ఒకటే, కణాలు మాత్రం మీవి చిన్నవి, పాపవి మామూలువి.

పాపకు ఇది మామూలు దిగుడు కాదని అనుమానించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నెలలు తక్కువతో పుట్టిన పిల్లల్లో దిగుడు ముందే వస్తుంది, 7, 8 దాకా కూడా పోతుంది, వాళ్ల దారి వేరు. తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపులు పడక పుట్టిన మొదటి రోజే పచ్చకామెర్లు వచ్చిన పిల్లల్లో కణాలు వారాల తరబడి పగిలిపోతుండవచ్చు. మీ ఇద్దరిదీ బి పాజిటివ్ కాబట్టి ఆ భయం లేదు. నెలలు నిండిన బిడ్డకు 9 కంటే దిగినా, పాలు తాగుతూ మధ్యలో అలసిపోయి నుదుటి మీద చెమట పట్టినా, ఊపిరి ఎగబీల్చినా, బరువు పెరగడం ఆగినా, అరిచేతులు, పెదవులు, కింది రెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోయినా, కళ్లు పచ్చబడినా పిల్లల డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. అప్పుడు వాళ్లు కొత్త కణాలు ఎన్ని వస్తున్నాయో చెప్పే రెటిక్యులోసైట్ పరీక్ష చేయించి, కణాలు తయారవడం లేదా, పగులుతున్నాయా తేల్చుకుంటారు. మీరు రాసిన దాన్ని బట్టి ఇవేవీ లేవు.

పాప విషయంలో మీ ముందు రెండు దారులున్నాయి. చుక్కలు ఆపేసి, ప్రతి టీకాకూ వెళ్లినప్పుడు బరువు చూయించుకుంటూ ఉండటం ఒకటి. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. నాలుగు రోజులు వేసినందుకు కంగారు పడకండి, సీసా మాత్రం డాక్టరుకు చూపించి ఎంత వేశారో చెప్పండి. ఒక్కో కంపెనీ చుక్కల్లో ఐరన్ ఒక్కో మోతాదులో ఉంటుంది, షాపులో అంచనాగా చెప్పిన కొలత పసిబిడ్డకు ఎక్కువ కావచ్చు. రెండోది, గర్భం చివర్లో మీకు లోటు ఉంది కాబట్టి పాప నిల్వలు కాస్త తక్కువగా ఉండే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవడం. అలాంటి లోటు ఉన్నా అది పదో వారంలో కనబడదు, ఆరో నెల తర్వాత కనబడుతుంది. అందుకని నాలుగో నెల నుంచి బరువుకు తగ్గ కొద్ది మోతాదులో చుక్కలు మొదలుపెట్టాలా అని పిల్లల డాక్టరును ఇప్పుడే అడిగి పెట్టుకోవచ్చు. దీనివల్ల మలం నల్లగా రావడం, ఒక్కోసారి గట్టిపడటం ఉంటుంది. మొదలుపెట్టకపోయినా, ఆరు నెలలు నిండాక ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, తప్పకుండా పట్టండి. అప్పటి నుంచి మెత్తగా చేసిన పప్పు, ఆకుకూర, గుడ్డు, మీరు తినేవారైతే బాగా ఉడికించి మెదిపిన కాలేయం కూడా పెట్టండి. ఏడాది నిండేదాకా గేదె పాలు, ఆవు పాలు తాగించకండి. ఆ వయసులో అసలు లోటు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే.

ఇక మీ మార్గాలు. ఒకటి, మాత్రలే మళ్లీ మొదలుపెట్టడం. మలబద్ధకమే అడ్డు కాబట్టి, రోజు మార్చి రోజు ఒక మాత్ర వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఒక మాత్ర వేసుకున్నాక ఒకటి రెండు రోజులు ఒళ్లు ఐరన్ పీల్చుకోవడం తగ్గిస్తుంది. ఆ విరామం ఇస్తే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ భాగం పడుతుంది, కడుపుకు ఇబ్బందీ తగ్గుతుంది. అంకె పెరగడం కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే. నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, వీటికీ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. కాన్పయ్యాక ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి ఒకేసారి మింగేయడం చాలామంది చేసే పొరపాటు. బాలింత పథ్యం పేరుతో నీళ్లు తక్కువ తాగిస్తుంటే, ఆకుకూరలు మాన్పిస్తుంటే మలబద్ధకానికి సగం కారణం అదే కావచ్చు. నీళ్లు, కూరలు తిరిగి మొదలుపెట్టండి. నెల తర్వాత పరీక్ష చేయించుకుంటే కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగితే లోటు ఐరన్‌దే అని వేరే రుజువు అక్కర్లేదు. 12 దాటిన రోజే ఆపేయకండి, ఖాళీ అయిన నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు పడుతుంది.

రెండో దారి, రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కించుకోవడం. మాత్రలు ఎంత ప్రయత్నించినా పడకపోతే, నెల వాడినా అంకె కదలకపోతే ఇది మంచిదే. కడుపు బాధ ఉండదు, త్వరగా పెరుగుతుంది, పాలివ్వడం ఆపనక్కర్లేదు. బయట చేయించుకుంటే ఖర్చు ఎక్కువ. అరుదుగా రియాక్షన్ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే ఎక్కించుకుని అరగంట అక్కడే ఉండాలి. దీనికి ముందు ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవడం న్యాయం. అది నిల్వల్లో ఎంత ఐరన్ ఉందో చెబుతుంది, 30 కంటే తక్కువైతే లోటు ఉన్నట్టే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ అంకె అబద్ధంగా పెరుగుతుంది, అలాంటి రోజుల్లో చేయించకండి. మీ అంకెకు రక్తం ఎక్కించాల్సిన అవసరమైతే లేదు.

ఏమీ చేయకుండా ఊరుకోవడమూ ఒక దారే అనిపించవచ్చు. కానీ నిల్వలు నిండకుండా ఏడాదిలోపే మళ్లీ గర్భం వస్తే, ఈసారి 12.4తో కాదు, 9.6తో మొదలవుతారు. దాని మీద పలచబడటం కూడా వచ్చి చేరుతుంది. అందుకని డాక్టరును కలిసినప్పుడు కుటుంబ నియంత్రణ గురించి కూడా అడగండి. కూర్చున్నా ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం, ఎక్కువ రక్తస్రావం ఉంటే మాత్రం ఈ ఆలోచనలన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్లండి.

వెళ్లేటప్పుడు మీ నాలుగు రిపోర్టులూ తేదీల వరసలో పెట్టి తీసుకెళ్లండి, ఎం.సి.వి. ఉన్న చోట పెన్నుతో గుర్తు పెట్టండి. ఎర్ర మాత్రల అట్టలు మాత్రం ఇప్పటి నుంచే అల్మారా పై అరలో పెట్టుకోండి. చూడటానికి చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి, పాకే వయసు పిల్లలు రెండు మూడు మింగినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.